ఫోన్‌లో తీసిన ఫొటో ఎక్కడుంటుంది? క్లౌడ్ కంప్యూటింగ్‌పై ప్రశ్నలు, జవాబులు

ప్ర: క్లౌడ్ కంప్యూటింగ్ అంటే ఏమిటి?
జ: ఎక్కడో డేటా సెంటర్‌లో ఉన్న సర్వర్లను ఇంటర్నెట్ ద్వారా, కావలసినంత మేరకు వాడుకోవడం. అమెజాన్ వెబ్ సర్వీసెస్ 2022 నవంబరులో హైదరాబాద్‌లో తన క్లౌడ్ కేంద్రాన్ని ప్రారంభించింది. ముంబయి తర్వాత దేశంలో అది రెండోది. కేంద్ర ప్రభుత్వ క్లౌడ్ పేరు మేఘ్‌రాజ్.

ప్ర: బుచ్చిరెడ్డిపాలెం కోదండరామస్వామి గుడి దగ్గర మా అమ్మాయి తీసిన ఫొటో ఎక్కడుంటుంది?
జ: ముందు ఫోన్‌లోనే. గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ ఆన్ చేసి ఉంటేనే దాని నకలు సర్వర్‌కు చేరుతుంది. అక్కడ ఉచితంగా దొరికేది 15 జీబీ. జీమెయిల్, డ్రైవ్ కూడా అందులోనే సర్దుకోవాలి.

ప్ర: ఫోన్ నిండిపోతే ఆ ఫొటోలు తీసేయవచ్చా?
జ: చాలామంది దెబ్బతినేది ఇక్కడే. 'క్లౌడ్‌లో ఉందిలే' అనుకుని ఫొటోస్ యాప్‌లో డిలీట్ నొక్కితే ఫోన్‌లోదీ, సర్వర్‌లోదీ రెండూ పోతాయి. బ్యాకప్ అయిన ఫొటో 60 రోజులు ట్రాష్‌లో ఉంటుంది. ఆలోపు వెనక్కి తెచ్చుకోవచ్చు. ఫోన్‌లో చోటు మాత్రమే కావాలంటే అదే యాప్‌లోని 'Free up space' నొక్కాలి. అది బ్యాకప్ అయిన వాటిని ఫోన్‌లోంచి మాత్రమే తీసేస్తుంది.

ప్ర: మరి వాట్సాప్ సందేశాలు?
జ: అవి ఫోన్‌లోనే ఉంటాయి. అవతలివారికి ఇంకా చేరని సందేశాన్ని మాత్రం సర్వర్ 30 రోజుల వరకు ఉంచుతుంది.

ప్ర: డిజీలాకర్‌లోని మార్కుల జాబితా?
జ: 2015 జూలై 1న ప్రారంభమైన ఈ సేవలో, బోర్డు జారీచేసిన పత్రం చట్టరీత్యా అసలు పత్రంతో సమానం. మీరే స్కాన్ చేసి ఎక్కించిన కాపీకి ఆ విలువ లేదు.