ఐదు వందలు ఎన్ని రోజులు వస్తాయి?

జంషెడ్‌పూర్‌కు బదిలీపై వచ్చిన మనవాళ్లు ఇల్లు చూసుకున్నప్పుడే ఆ ఇంటికి కరెంటు ఎవరిస్తున్నారో అడగాలి. బిష్టుపూర్, సాక్చీ, కదమా వైపు టాటా స్టీల్ అనుబంధ సంస్థ ఇస్తుంది. మానగో, పరసుడీ వైపు జార్ఖండ్ బిజిలీ వితరణ్ నిగమ్. రీచార్జి చేసేటప్పుడు సంస్థ పేరు, వినియోగదారు సంఖ్య రెండూ సరిచూసుకోవాలి.

ప్రీపెయిడ్ స్మార్ట్ మీటరులో డబ్బు ఉండదు. ఖాతా నిల్వ పాసుపుస్తకంలో కాక మన సర్వరులో ఉన్నట్టే, బ్యాలెన్సు కూడా విద్యుత్ సంస్థ సర్వరులో ఉంటుంది. మీటరు వాడకాన్ని నమోదుచేసి మొబైల్ నెట్‌వర్కు ద్వారా పంపుతుంది. సాధారణంగా రోజు ముగిశాక లెక్కకట్టి కోస్తారు. అందుకే యాప్‌లో సాయంత్రం కనిపించే అంకె చాలాసార్లు నిన్నటిది.

ఒక ఇంటి లెక్క చూద్దాం. సులువు కోసం యూనిట్ 6.50 రూపాయలు, నెల స్థిర ఛార్జీ 100 రూపాయలు అనుకుందాం. సుంకం, సబ్సిడీ పక్కన పెడదాం. రోజుకు 6 యూనిట్లు వాడితే 39 రూపాయలు, స్థిర ఛార్జీలో ఆ రోజు వాటా 3.33, మొత్తం దాదాపు 42. అంటే 500 రూపాయలు దాదాపు పన్నెండు రోజులు వస్తాయి. మే నెలలో ఏసీ ఆరు గంటలు నడిచి రోజుకు 9 యూనిట్లు అదనంగా కాలితే ఖర్చు 100 దాటుతుంది. అవే ఐదు వందలు ఐదు రోజులకు కూడా చాలవు. "ఇంకా రెండొందలున్నాయిలే" అన్న ధీమా జనవరిలో చెల్లుతుంది, మేలో చెల్లదు.

ఇల్లు తాళం వేసి సంక్రాంతికి శ్రీకాకుళం వెళ్లినా కోత ఆగదు. పదిహేను రోజుల స్థిర ఛార్జీ 50, ఫ్రిజ్ రోజుకో యూనిట్ చొప్పున 97.50. నూట ఇరవైతో బయలుదేరినవారి ఫ్రిజ్‌లో సరుకు పాడవడం ఖాయం.

బ్యాలెన్సు ఉండగానే మన ఒక్క ఇంట్లోనే కరెంటు పోతే? గీజరు, ఇస్త్రీపెట్టె, మోటారు ఒకేసారి వేసి మంజూరైన లోడు దాటారేమో చూడండి. ఒకటి రెండు ఆపితే కాసేపటికి మీటరు తిరిగి కలపవచ్చు.

ఇక మన కౌంటరుకు వచ్చే ఫిర్యాదు. మా సహోద్యోగి ఒకరు రాత్రి తొమ్మిదింటికి యూపీఐలో కట్టారు. ఖాతాలో డెబిట్ అయింది, కరెంటు రాలేదు. కంగారులో మళ్లీ కట్టారు. తెల్లారేసరికి రెండూ జమయ్యాయి. డబ్బు ఖాతాలోంచి వెళ్లడం, విద్యుత్ సంస్థ దాన్ని జమకట్టడం, కలపమన్న ఆదేశం మీటరుకు చేరడం మూడు వేర్వేరు పనులు. కస్టమరు వస్తే ముందు పన్నెండంకెల యూపీఐ రిఫరెన్సు సంఖ్యతో డెబిట్ చూడండి. తర్వాత రీచార్జి రసీదు వచ్చిందా అని అడగండి. రసీదు ఉండి కరెంటు లేకపోతే ఆ పని బ్యాంకుది కాదు, విద్యుత్ సంస్థ హెల్ప్‌లైనుది. రసీదే లేకపోతే ఫిర్యాదు మన దగ్గరే నమోదు చేయాలి.