ఏఐ ఫోటో ఎడిటింగ్: మారాల్సింది మాత్రమే చెప్పండి, కనిపించేది వర్ణించకండి

జెమినీలాంటి యాప్‌లో ఫోటో అప్‌లోడ్ చేసి, వెనక గోడ రంగు మార్చమని అడుగుతారు. గోడ చక్కగా మారుతుంది, కానీ ఫోటోలో మనిషి కూడా కొంచెం మారిపోతాడు. కళ్లు, మీసం అవే అనిపిస్తాయి, అయినా ఇంట్లోవాళ్లు చూడగానే "ఈయన మన ఆయనలా లేడే" అంటారు. చాలాసార్లు దీనికి కారణం మనం రాసిన ప్రాంప్ట్‌లోనే ఉంటుంది. సరదా ఫోటోకైతే ఫర్వాలేదు. వర్ధంతికి ఫ్రేమ్ కట్టించే ఫోటోలో ముఖం మారితే మాత్రం ఆ ఫోటో పనికిరాదు.

ఈ ఆర్టికల్‌లో అలాంటి ఫోటోనే ఉదాహరణగా తీసుకుని, ప్రాంప్ట్ ఎలా రాయాలో చూద్దాం.

పొడవాటి ప్రాంప్ట్ అలవాటు ఎక్కడిది?

2022లో వచ్చిన స్టేబుల్ డిఫ్యూజన్ లాంటి టూల్స్‌లో ఖాళీ నుంచి బొమ్మ గీయించాలంటే మన మాటలే ఆధారం. జుట్టు, బట్టలు, వెలుతురు అన్నీ రాయాల్సిందే, రాయనిది టూల్ తనకి తోచినట్టు గీసేది. ఫోటో ఇచ్చి మార్పించినా, చివరికి బొమ్మ ఎలా ఉండాలో మొత్తం వర్ణించాల్సి వచ్చేది.

అదే ఏడాది నవంబర్‌లో బర్క్‌లీ పరిశోధకులు ఇన్‌స్ట్రక్ట్‌పిక్స్‌2పిక్స్ అనే మోడల్ తెచ్చారు. మార్పుకి ముందు బొమ్మ, తర్వాత బొమ్మ, మధ్యలో ఆ మార్పుని చెప్పే ఒక్క వాక్యం. ఇలాంటి 4.5 లక్షలకు పైగా ఉదాహరణలతో దానికి శిక్షణ ఇచ్చారు. ఇలాంటి మోడల్‌కి బొమ్మ ఎలాగూ కనిపిస్తుంది, అందుకే మన వాక్యంలో అది వెతికేది తేడానే. 2025లో వచ్చిన ఫ్లక్స్ కాంటెక్స్ట్, గూగుల్ నానో బనానా కూడా ఇలాగే, ఫోటో చూసి సూచన ప్రకారం ఎడిట్ చేసే టూల్సే.

2025 సెప్టెంబర్‌లో నానో బనానా రెట్రో చీర ట్రెండ్ నడిచినప్పుడు పొడవాటి ప్రాంప్ట్‌లు అందరి ఫోన్లలోకీ చేరాయి. ఆ పనికి అవి సరిపోయాయి, ఎందుకంటే చీర, వెలుతురు, పోజు, బ్యాక్‌గ్రౌండ్ అన్నీ కొత్తగా కావాలి. ఒక్క గోడ మార్చడానికి కూడా అదే పద్ధతి వాడితేనే ఇబ్బంది.

ఒక ఉదాహరణ

మచ్చ బొల్లారంలో ఒక కుటుంబం పోయిన పెద్దాయనకి ఫ్రేమ్ కట్టించాలనుకుంది అనుకుందాం. ఉన్న మంచి ఫోటో ఒక పెళ్లిలో తీసింది. వెనక ప్లాస్టిక్ కుర్చీలు, షామియానా ఉన్నాయి. భుజం మీద పక్కాయన చెయ్యి ఉంది. చాలామంది రాసే ప్రాంప్ట్ ఇలా ఉంటుంది:

```
60 ఏళ్ల తెలుగు పెద్దమనిషి, నెరిసిన జుట్టు, గుబురు మీసం,
తెల్ల చొక్కా, చిరునవ్వు, లేత నీలం బ్యాక్‌గ్రౌండ్,
స్టూడియో లైటింగ్, హై క్వాలిటీ
```

ఇందులో కొత్త విషయం ఒక్క లేత నీలం బ్యాక్‌గ్రౌండే. మిగతావన్నీ ఫోటోలో ఉన్నవే అనిపిస్తుంది. కానీ ఆయన జుట్టు అక్కడక్కడే నెరిసింది, "నెరిసిన జుట్టు" అనగానే మొత్తం తెల్లబడొచ్చు. ఫోటోలో పెదాలు మూసి ఉన్నాయి, "చిరునవ్వు" అంటే పళ్లు కనిపించొచ్చు. "స్టూడియో లైటింగ్" ముఖం మీద నీడలు మారుస్తుంది, "హై క్వాలిటీ" ముడతలు తుడిచేస్తుంది. తీసేయాల్సిన చెయ్యి గురించి మాత్రం ఒక్క మాటా లేదు.

ఇలాంటి టూల్స్ సాధారణంగా గోడని మాత్రమే కత్తిరించి అతికించవు. ఫోటోనీ మాటలనీ కలిపి చూసి బొమ్మ మొత్తం మళ్లీ తయారు చేస్తాయి. ముఖం గురించి మీరేమీ రాయకపోతే వాటికి ఆధారం ఫోటోనే. రాస్తే ఆధారాలు రెండవుతాయి. "గుబురు మీసం" అనే మాట వెయ్యిమందికి సరిపోతుంది, ఫోటోలో ఉన్నది ఆ ఒక్కాయన మీసం. ఈ రెండిటి మధ్య లాగులాటలో ముఖం సగటు ముఖం వైపు జరుగుతుంది.

ఇప్పుడు ఇలా రాద్దాం:

```
బ్యాక్‌గ్రౌండ్‌లోని కుర్చీలు, షామియానా తీసేసి
సాదా లేత నీలం రంగు పెట్టు.
ఫోటోలో మనకి ఎడమవైపు కనిపించే భుజం మీద ఉన్న
వేరే వ్యక్తి చెయ్యి తీసేసి, అక్కడ చొక్కాని కొనసాగించు.
ముఖం, జుట్టు, పోజు, సైజు, వెలుతురు అలాగే ఉంచు.
```

చివరి వాక్యం చూడండి. ముఖం ఎలా ఉందో అది చెప్పట్లేదు, ముఖాన్ని ముట్టుకోవద్దని మాత్రం చెబుతోంది. ఉంచాల్సినదాని పేరు చెప్పండి, దాన్ని వర్ణించకండి. "మనకి ఎడమవైపు" అని రాయడానికీ కారణం ఉంది. ఉత్త "ఎడమ భుజం" అంటే ఆయన ఎడమో, చూసేవాళ్ల ఎడమో తేలదు.

వర్ణన ఎప్పుడు కావాలి?

రెండు చోట్ల కావాలి. ఫోటోలో ఇద్దరు ముగ్గురుంటే ఎవరిని మార్చాలో గుర్తుపట్టేలా "తెల్ల చొక్కా వేసుకున్న ఆయన" అని చెప్పాలి. అక్కడ ఒక్క గుర్తు చాలు. రెండోది, ఫోటోలో లేని కొత్త వస్తువు. నీలం బదులు గుడి గోపురం కావాలంటే దాన్ని ఎంత వివరంగా రాసినా మంచిదే, ఎందుకంటే టూల్‌కి అది కనిపించట్లేదు.

క్రియ కూడా చూసుకుని వాడండి. "ఆయన్ని గుడి ముందు నిలబెట్టు" అంటే మనిషిని కదిలించమని చెప్పినట్టే, పోజూ సైజూ మారిపోతాయి. "బ్యాక్‌గ్రౌండ్‌ని గుడిగా మార్చు" అంటే మార్పు వెనక్కే పరిమితమయ్యే అవకాశం ఎక్కువ.

రిజల్ట్ సరిగ్గా ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

అసలు ఫోటో, ఎడిట్ చేసింది గ్యాలరీలో పక్కపక్కనే ఉంచి, వేలితో అటూ ఇటూ వేగంగా జరపండి. ఏదైనా మారి ఉంటే అక్కడ కదిలినట్టు కనిపిస్తుంది. తర్వాత జూమ్ చేసి కళ్ల చివర్లు, చెవులు, పుట్టుమచ్చ, నుదుటి దగ్గర జుట్టు గీత చూడండి.

తేడా వస్తే, తప్పుగా వచ్చిన ఫోటో మీదే మళ్లీ ఎడిట్ చేయకండి. ప్రతిసారీ బొమ్మ మొత్తం మళ్లీ తయారవుతుంది కాబట్టి చిన్న చిన్న తేడాలు పేరుకుంటాయి. నాలుగైదు ఎడిట్ల తర్వాత ముఖం చాలా దూరం వెళ్లిపోవచ్చు. కొత్త చాట్ తెరిచి, అసలు ఫోటో మళ్లీ అప్‌లోడ్ చేసి, ప్రాంప్ట్‌ని సరిచేయండి. రెండు మార్పులూ ఒకేసారి కుదరకపోతే ఒక్కోదాన్ని విడిగా అసలు ఫోటో మీద ప్రయత్నించి, ఏ మాటలు పని చేశాయో చూసి, ఆ రెండు వాక్యాలనీ చివర్లో కలిపి పెట్టండి.

ఒక పరిమితి మాత్రం ఉంది. గ్రూప్ ఫోటోలో ముఖం గోరంత ఉంటే ప్రాంప్ట్ ఎంత బాగా రాసినా ఉపయోగం తక్కువ. టూల్‌కి అక్కడ చూడ్డానికి వివరాలే లేవు, మిగతాది ఊహించి గీస్తుంది. ముందు ఆయన వరకే క్రాప్ చేయండి. పాత ప్రింట్ అయితే పగటి వెలుతురులో, మెరుపు పడకుండా దగ్గరగా మళ్లీ ఫోటో తీయండి. అప్పటికీ ముఖం మారుతుంటే ఏఐ ఇచ్చిన బ్యాక్‌గ్రౌండ్ మాత్రం తీసుకుని, దాని మీద అసలు ఫోటోలోని మనిషిని కట్ చేసి అతికించమని ఫోటో స్టూడియోవాళ్లకి చెప్పండి. అప్పుడు ముఖంలో ఏఐ గీసింది ఏమీ ఉండదు.