డాబా వాటర్‌ప్రూఫింగ్ కొటేషన్: చదరపు అడుగు ధరలో ఏమేం ఉండాలి

కోల్‌కతాలో స్థిరపడిన మనవాళ్లు వానలకు ముందు నన్ను తరచూ అడిగే మాట ఇది: "బాబాయిగారూ, అడుగుకి నలభై అంటున్నాడు, ఒప్పుకోమంటారా?" ఆ నలభైకి డాబా మీద ఏం పడుతుందో కాగితం మీద లేకపోతే ఎక్కువో తక్కువో ఎవరూ చెప్పలేరు. ఇన్నేళ్లలో నేను నేర్చుకున్నవి ఇవి.

1. కప్పు ఏ రకమో మొదటి వరుసలోనే రాయించండి.

ఉత్తర కోల్‌కతా పాత ఇళ్లలో దూలాలు, పలకల మీద ఇటుక ముక్కలు, సుర్కీ, సున్నం కలిపి కొట్టిన పొర ఉంటుంది. ఇక్కడివాళ్లు దాన్ని జలఛాద్ అంటారు. అది పగిలిందంటే నీళ్లు లోపలికి పీల్చుకుని నెలల తరబడి పట్టుకుంటుంది. ఆ తడి మీద కోటింగ్ వేస్తే ఎండకు ఆవిరి పైకి తన్ని బుడగలు లేస్తాయి. పాత పొర తీసేస్తారా, ఉంచుతారా? తీస్తే ఆ చెత్తను కిందికి దింపి లారీకెత్తే ఖర్చు అడుగు ధరలోనే ఉందా? ఈ రెండూ రాయకపోతే పని మధ్యలో కొత్త బిల్లు వస్తుంది.

2. ఎన్ని అడుగులో ఇద్దరూ కలిసి కొలవండి.

డాబా 20 అడుగులు, 30 అడుగులు అనుకోండి. నేల 600 చదరపు అడుగులు. కోటింగ్ పిట్టగోడ మీదికి కనీసం ఒక అడుగు ఎక్కాలి. చుట్టుకొలత 100 అడుగులు కనుక ఇంకో 100 కలిసి మొత్తం 700. నేల ఒక్కటే రాసిన కొటేషన్ చౌకగా కనిపిస్తుంది. కానీ నీరు దిగేది ఎక్కువగా నేలా గోడా కలిసే మూలలోనే. ఆ మూలను గుండ్రంగా పూడ్చడం, తూము నోటి చుట్టూ జాలీగుడ్డ పెట్టి కోటు వేయడం కూడా ధరలో ఉన్నట్టు రాయించాలి.

3. "రెండు కోట్లు" అంటే చాలదు, లీటర్లు రాయించండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. చదరపు మీటరు మీద ఒక లీటరు పరిస్తే తడిగా ఉన్నప్పుడు పొర మందం ఒక మిల్లీమీటరు. డబ్బాలోని పదార్థంలో సగం నీరయితే, ఆరాక మిగిలేది అర మిల్లీమీటరే. అంటే ఆరిన పొర ఒక మిల్లీమీటరు కావాలంటే మీటరుకు రెండు లీటర్లు పడాలి. మన 700 చదరపు అడుగులు సుమారు 65 చదరపు మీటర్లు, కాబట్టి 130 లీటర్లు, అంటే 20 లీటర్ల డబ్బాలు ఆరున్నర.

ఒకాయన మూడు డబ్బాలతో రెండు కోట్లు వేసి పూర్తయిందంటే, పొర ఒక మిల్లీమీటరులో సగం కూడా లేదన్నమాట. చూడ్డానికి రెండూ ఒకేలా తెల్లగా మెరుస్తాయి. అందుకే కంపెనీ పేరు, రకం, ఆరిన పొర మందం, డబ్బాల సంఖ్య రాయించి, సీలు మీ ముందే తీయించండి. ఖాళీ డబ్బాలు లెక్కపెట్టాకే డబ్బివ్వండి.

4. వాటం విడిగా రాయించండి.

కోటింగ్ వాటాన్ని సరిచేయదు. నూటికి ఒకటి చొప్పున తూము వైపు వాలు ఉండాలి. 20 అడుగుల దూరంలో అది సుమారు రెండున్నర అంగుళాల తేడా. వాన వెలిశాక ఎక్కడ నీళ్లు నిలుస్తున్నాయో సుద్దతో గీసి, ఆ భాగానికి సిమెంటు వాటం ఎన్ని అడుగులో, ఎంత మందమో ధరతో సహా రాయమనండి.

5. వాన ఎవరి ఖాతాలో పడుతుందో ముందే తేల్చుకోండి.

ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం కాలబైశాఖి గాలివాన చెప్పకుండా వస్తుంది. ఆరని కోటును కడిగేస్తుంది. "కోటు ఆరకముందే వాన పడితే మళ్లీ వేసే ఖర్చు కాంట్రాక్టరుదే" అన్న వాక్యం ఉండాలి. వీలైతే ఈ పని నవంబరు, ఫిబ్రవరి మధ్య పెట్టుకోండి. ముందు రోజు రాత్రి ఒక ప్లాస్టిక్ షీటును నేలకు అంచులన్నీ అంటించి ఉంచండి. పొద్దున దాని అడుగున చెమ్మ కనిపిస్తే నేల ఇంకా ఆరలేదు.

6. చివరి వాయిదాను నీటి పరీక్షకు ముడిపెట్టండి.

కాంక్రీటు శ్లాబయితే తూములు మూసి, అంగుళం నీళ్లు 48 గంటలు నిలిపి, కింది గదుల కప్పు చూడాలి. దూలాల కప్పు మీద మాత్రం ఇది చేయించకండి. 600 చదరపు అడుగుల మీద అంగుళం నీరంటే సుమారు 1,400 కిలోల బరువు. అక్కడ ఒక మంచి వాన వరకు కొంత డబ్బు ఆపుకోవడమే మేలు. గ్యారంటీ కాగితంలో సరుకుతో పాటు కూలీ కూడా ఉందో లేదో, జీఎస్టీ ధరలో కలిసిందో లేదో చూడండి.

ఈ ఆరూ రాసిచ్చిన ఇద్దరి ధరలను పక్కపక్కన పెట్టి పోల్చండి. రాసివ్వనని చెప్పినవాడి ధర ఎంత తక్కువయినా పోలికలోకి తీసుకోకండి.