నాన్న ఫోనుకు తెలుగు నేర్పడం

ఫోనులో భాష మార్చడమంటే ఒక్క మీట నొక్కడమే అని మనలో చాలామంది అనుకుంటారు. నిజానికి అక్కడ మూడు వేరువేరు మీటలున్నాయి. మొదటిది ఫోను మొత్తానికి భాష. రెండవది ఒక్కొక్క యాప్‌కు భాష. మూడవది చదివి వినిపించే గొంతుకు భాష. ఒకటి మార్చితే మిగతావి మనం కోరినట్టు మారతాయన్న నమ్మకం లేదు. మా నాన్న ఆండ్రాయిడ్ ఫోనునే ఉదాహరణగా తీసుకుని ఈ మూడింటినీ వివరిస్తాను.

మా నాన్న చెరుకు రైతు. కూడబలుక్కుని తెలుగు చదవగలడు, ఇంగ్లీషు రాదు. అనకాపల్లి మార్కెట్టులో బెల్లం దిమ్మలు అమ్మాక బ్యాంకు నుంచి మెసేజ్ వస్తే పక్కవాడి చేత చదివించుకోవాలి. అప్పుడు మన ఖాతాలో ఎంతుందో పక్కవాడికి కూడా తెలిసిపోతుంది. ఆయన బాధ అదే.

మొదట ఫోను భాష. Settings లో System, అందులో Languages అని ఉంటుంది. కంపెనీని బట్టి పేర్లు కొంచెం మారతాయి. అక్కడ Add a language నొక్కి తెలుగును ఎంచుకుని, దాన్ని వేలితో పట్టి జాబితాలో పైకి లాగాలి. ఇంగ్లీషును తీసెయ్యకుండా రెండో స్థానంలో ఉంచాలి. తెలుగు లేని యాప్ ఆ జాబితాలో తర్వాతి భాష కోసం చూస్తుంది. 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7 నుంచి ఈ వరుస పద్ధతి ఉంది.

రెండవది యాప్ భాష. డబ్బు పంపే యాప్‌ను నాన్న బొమ్మలా గుర్తుపెట్టుకున్నాడు. ఫలానా చోట Pay అని ఉంటుంది, దాన్ని నొక్కాలి, అంతే. అది తెలుగులోకి మారగానే "ఏటిరా ఇది, నానెక్కడ నొక్కాల?" అన్నాడు. పైగా బ్యాంకువాళ్లు ఫోనులో సాయం చేసేటప్పుడు మీటల పేర్లు ఇంగ్లీషులోనే చెబుతారు. అందుకని ఆ ఒక్క యాప్‌ను ఇంగ్లీషులో ఉంచాం. 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుంచి Languages దగ్గరే App languages అని కూడా ఉంటుంది. అందులో యాప్ పేరు నొక్కి English ఎంచుకోవాలి. మనకు కావలసిన యాప్ ఆ జాబితాలో లేకపోతే, దాన్ని తయారుచేసినవారు ఆ సౌకర్యం కల్పించలేదన్నమాట. అప్పుడు ఆ యాప్ లోపలి సెట్టింగులలో భాష ఉందేమో వెతకాలి.

మూడవది గొంతు. Accessibility లో Text-to-speech output తెరచి భాషను తెలుగుగా పెట్టాలి. అక్కడి ఇంజను పక్కనున్న చక్రం గుర్తు నొక్కితే Install voice data వస్తుంది. అందులో తెలుగు గొంతును దించుకుంటే నెట్ లేకపోయినా పనిచేస్తుంది. వేగం కొంచెం తగ్గించాం. తర్వాత Select to Speak ఆన్ చేస్తే తెరమీద చిన్న మీట వస్తుంది. అది నొక్కి, మెసేజ్‌ను తాకితే ఫోను చదువుతుంది. దాని పక్కనే ఉండే TalkBack జోలికి పోవద్దు. అది కంటిచూపు లేనివారి కోసం చేసినది. దాన్ని ఆన్ చేస్తే ఒకసారి తాకితే పేరు చెబుతుంది, రెండుసార్లు తడితేగాని పని జరగదు. చూపున్నవాడు ఫోను పాడైందనుకుంటాడు.

ఇక గొంతు ఎక్కడ తప్పుతుందో చూద్దాం. "రేపు 25 దిమ్మలు తీసుకురండి" అని తెలుగు లిపిలో పంపాను, శుభ్రంగా చదివింది. అదే మాటను repu 25 dimmalu అని పంపితే ఉచ్చారణ చెడింది. ఆ స్పెల్లింగు ఏ భాషదో దానికి తెలియదు గదా! ఇంకో చిక్కు పాత కరపత్రాలతో వచ్చింది. పీక పురుగు మీద ఒక కరపత్రం తెరమీద చక్కని తెలుగులో కనబడింది కాని, చదివిస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు పలికింది. కారణమేమిటంటే, యూనికోడ్‌లో "క" అనే అక్షరానికి U+0C15 అనే సొంత సంఖ్య ఉంది. పాత డి.టి.పి. ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల సంఖ్యలమీదే తెలుగు ఆకారాలు అతికించారు. మన కన్ను ఆకారాన్ని చూస్తుంది, గొంతు సంఖ్యను చూస్తుంది. ఒక వాక్యం కాపీ చేసి మెసేజ్‌లో అతికిస్తే గుట్టు బయటపడుతుంది. తెలుగుగానే ఉంటే సరే, పిచ్చి గుర్తులు వస్తే ఫాంటు పాతదే. దానికి సెట్టింగుల్లో మందు లేదు, యూనికోడ్‌లోకి మార్చిన ప్రతి కావాలి.

చివరగా ఒక జాగ్రత్త. ఫోను బ్యాంకు మెసేజ్‌నూ, ఓటీపీనీ కూడా బిగ్గరగానే చదివేస్తుంది. సంతలో అలా వినిపిస్తే పక్కవాడి చేత చదివించుకున్నదానికంటే నష్టం. మా నాన్న జేబులో ఇప్పుడు ఇయర్‌ఫోను కూడా ఉంటోంది. మీరెవరి ఫోను మార్చినా ముందు ఆ తీగ కొనండి. తర్వాత, ఫోను తిరిగి వారి చేతికిచ్చే ముందు, ఇంగ్లీషు మెసేజ్ ఒకటి, తెలుగు మెసేజ్ ఒకటి, అంకెలున్నది ఒకటి చదివించి చూడండి.