జనవరి గడిలో ఎంత మిగిలింది?

ఎంబీఏలో బిజినెస్ ప్లాన్ అసైన్‌మెంట్ ఇవ్వగానే చాలామంది విద్యార్థులు ముందు చేసే పని కంపెనీకి పేరు పెట్టి, లోగో గీయించడం. ఆ రెండింటికీ మార్కులుండవు. దిద్దేవాళ్లు మొదటి పేజీలో సారాంశం చదివి, నేరుగా వెనక ఉన్న లెక్కల పట్టికలకు వెళ్తారు. అక్కడి అంకెలు ముందు రాసిన మాటలతో కలిస్తేనే మధ్యలోని పేజీలను శ్రద్ధగా చదువుతారు. మార్కులు ఎక్కువగా పోయేదీ అక్కడే. ఇంగ్లిష్ తడబడినందుకు పోయేది తక్కువ. మార్కెట్ పేజీలో ఒక సంఖ్య, ఖర్చుల పేజీలో ఇంకో సంఖ్య కనబడితే పోయేది ఎక్కువ.

ఒక ఉదాహరణ చూద్దాం. బెజవాడలోని గుణదల కొండమీది మేరీమాత ఉత్సవాలు ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో జరుగుతాయి. భక్తులు కొవ్వొత్తులు వెలిగిస్తారు, కొబ్బరికాయలు కొడతారు, తలనీలాలు ఇస్తారు. దగ్గర్లో చదివే విద్యార్థికి ‘కొవ్వొత్తుల తయారీ యూనిట్’ అనే ఆలోచన రావడం సహజమే. ఆలోచన బాగుంది కూడా. ఇక్కడి అంకెలు లెక్క కోసం మనం అనుకున్నవే.

ప్లాన్‌లో మొదట కనబడే వాక్యం ఇలా ఉంటుంది: ‘ఉత్సవాలకు లక్షలమంది వస్తారు. అందులో ఒక్క శాతం మంది మన ప్యాకెట్ కొన్నా వేలల్లో అమ్మకం.’ దిద్దేవాళ్లకు బాగా విసుగు పుట్టించే వాక్యం ఇదే. ఆ ఒక్క శాతం ఎక్కణ్నుంచి వచ్చిందో ఎవరూ చెప్పరు. లెక్క కింది నుంచి కట్టాలి. ఒక కౌంటర్లో ఒక మనిషి నిమిషానికి ఒకరికి ప్యాకెట్ ఇచ్చి, డబ్బు తీసుకుని, చిల్లర ఇవ్వగలడనుకోండి. పన్నెండు గంటలూ ఆగకుండా అమ్మితే రోజుకు 720. అంతసేపూ గిరాకీ ఒకేలా ఉండదు కాబట్టి సగం వేసుకుంటే 360. మూడు రోజులకు వెయ్యి పైచిలుకు. మీ ప్లాన్ ఫిబ్రవరిలో 6,000 ప్యాకెట్లు అంటోంది. మిగతా 5,000 ఎవరు అమ్ముతారు?

ఈ ప్రశ్న మీరే వేసుకుని జవాబు రాస్తే మార్కులు పడతాయి. మరో ఐదు కౌంటర్లు పెడతారా? అయితే ఆ మనుషుల కూలి, స్టాళ్ల అద్దె ఖర్చుల్లోకి రావాలి. వేరే కొట్లవాళ్లకు హోల్‌సేల్‌గా వేస్తారా? అయితే ధర తగ్గాలి, ఎందుకంటే వాళ్లకూ లాభం మిగలాలి. ఈ ముడి దగ్గరకే మళ్లీ వద్దాం.

ఇప్పుడు ఖర్చులు. ప్యాకెట్ ధర 40 రూపాయలు. మైనం, వత్తి, ప్యాకింగ్ కలిపి 25. అంటే ప్యాకెట్‌కు 15 మిగులు. షెడ్డు అద్దె, ఒక పనిమనిషి జీతం, కరెంటు కలిపి నెలకు 18,000 అనుకుందాం. 18,000ను 15తో భాగిస్తే 1,200. నెలకు అన్ని ప్యాకెట్లు అమ్మితే లాభం లేదు, నష్టం లేదు. విద్యార్థి అంచనా ప్రకారం ఫిబ్రవరిలో 6,000, మిగతా పదకొండు నెలల్లో నెలకు 900. ఏడాదికి 15,900. లాభనష్టాల్లేని సంఖ్య ఏడాదికి 14,400. అంటే 1,500 ప్యాకెట్లు ఎక్కువ, 22,500 రూపాయల లాభం. పట్టిక కింద రెండు గీతలు గీసి ‘వ్యాపారం లాభసాటి’ అని రాసేశారు.

ఇక్కడే దిద్దేవారి పెన్ను ఆగుతుంది. ఏడాది లెక్క సరే, నెలవారీ నగదు లెక్క ఏది?

వ్యాపారం జూన్‌లో మొదలైందనుకోండి. చేతిలో లక్ష రూపాయలు. అచ్చులకూ సామాన్లకూ 60,000 పోగా మిగిలింది 40,000. నెలకు 900 ప్యాకెట్లే అమ్ముడైతే 1,200కు ఇంకో 300 తక్కువ, అంటే నెలకు 4,500 చేతినుంచి పడుతుంది. జూన్ నుంచి జనవరి దాకా ఎనిమిది నెలలకు 36,000. జనవరి చివర మిగిలేది 4,000. ఆ జనవరిలోనే ఉత్సవాల సరుకు తయారవ్వాలి. 6,000 ప్యాకెట్లకు సరుకు ఖర్చు లక్షా యాభై వేలు. అంత డబ్బు చేతిలో లేదు. కాగితం మీద లాభం చూపిన వ్యాపారం పండగ రాకముందే మూతపడింది. అప్పు తెచ్చుకోవచ్చు, హోల్‌సేల్ షాపువాడి దగ్గర అరువు పెట్టొచ్చు. తప్పేం లేదు. కానీ ఆ సంగతి ప్లాన్‌లో ఉండాలి, దాని వడ్డీతో సహా.

ఇక ఆ ముడి. 5,000 ప్యాకెట్లు కొట్లవాళ్లకు 30 రూపాయలకు వేస్తే మిగులు 15 కాదు, 5. ఫిబ్రవరి మిగులు 90,000 నుంచి దాదాపు 40,000కు పడిపోతుంది. 22,500 లాభం కాస్తా 27,500 నష్టమవుతుంది. ఇంకా యజమాని తనకు జీతం వేసుకోలేదు, అచ్చుల తరుగుదల లెక్కలోకే రాలేదు. యజమాని జీతం మరిచిపోవడం విద్యార్థుల ప్లాన్లలో తరచూ కనబడేదే. ఇంట్లో అన్నం పెట్టేవాళ్లున్నారు కాబట్టి కాబోలు.

మరి ఈ విద్యార్థి ఫెయిలా? కాదు. ప్రాజెక్టు నష్టమని తేలినందుకు మార్కులు పోవు, తేలనివ్వకుండా దాచినందుకు పోతాయి. ‘ఈ రూపంలో ఇది నిలబడదు. ఏడాదంతా షెడ్డు అద్దె కట్టకుండా డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఇంట్లోనే చేస్తే స్థిర ఖర్చు ఇంత తగ్గుతుంది, అప్పుడు లెక్క ఇలా ఉంటుంది’ అని రాసినవాడికి, అంతా బంగారమేనని రాసినవాడికంటే ఎక్కువ వస్తాయి. పరీక్షిస్తున్నది మీ తీర్పును.

సర్వే సంగతి కూడా చెప్పాలి. యాభైమంది క్లాస్‌మేట్లకు ఫారం పంపి, ‘84 శాతం మంది కొంటామన్నారు’ అని పై చార్టు వేస్తారు. వాళ్లలో కొండెక్కేవాళ్లు ఎందరు? దానికంటే వన్‌టౌన్‌లో మైనం ధర అడిగి తెచ్చిన ఒక్క కొటేషన్, గుణదలలో కొవ్వొత్తులు అమ్మే ఇద్దరితో మాట్లాడిన అరపేజీ, స్టాల్‌కు ఎవరి అనుమతి కావాలో కనుక్కున్న వివరం ఎక్కువ పనిచేస్తాయి. వాటిని అనుబంధంలో పెట్టి, లెక్కలో ఎక్కడ వాడారో అక్కడ చెప్పండి.

రిస్కుల పేజీ కూడా ఇంతే. ‘పోటీ పెరగవచ్చు, ఆర్థిక మాంద్యం రావచ్చు’ అన్నవి ఏ ప్లాన్‌కైనా అతుకుతాయి కాబట్టి వాటికి మార్కు పడదు. బెజవాడ మే ఎండకు రేకుల షెడ్డులో కొవ్వొత్తులు మెత్తబడి వంగిపోతాయి. అమ్ముడుపోని ఫిబ్రవరి సరుకును ఎక్కడ దాస్తారు? ఇలాంటిది ఒక్కటి రాస్తే మీరు ఆ వ్యాపారం గురించి నిజంగా ఆలోచించారని తెలుస్తుంది.

సమర్పించే ముందు రాత్రి ఫాంట్లు మార్చుకుంటూ కూర్చోకండి. సారాంశంలోని ప్రతి అంకె పక్కన అది ఏ పట్టికలోంచి వచ్చిందో పెన్సిల్‌తో రాసుకోండి. దొరకని అంకె ఉంటే తీసేయండి. తర్వాత నగదు పట్టికలో నెలనెలా మిగులు వరుస చూడండి. ఎక్కడైనా సున్నా కిందికి పోతే, ఆ నెల డబ్బు ఎక్కణ్నుంచి వస్తుందో ఒక వాక్యం రాసి అప్పుడు ఇవ్వండి.