షెన్జెన్ వీసాకు ఇన్సూరెన్సు: సాలూరు నుంచి వెళ్లే పెద్దవాళ్లు చేయవలసినవి, చేయకూడనివి

జర్మనీలోనో ఫ్రాన్సులోనో ఉన్న పిల్లల దగ్గరికి కొన్ని వారాల కోసం వెళ్లే తల్లిదండ్రులకు కావలసింది షెన్జెన్ వీసా. షెన్జెన్‌లోని 29 దేశాలకూ ఇదొక్కటే చాలు. ఏ 180 రోజులు లెక్కేసినా అందులో 90 రోజులకు మించి అక్కడ ఉండకూడదు. అమెరికా, బ్రిటన్ విజిటర్ వీసాలకు ఇన్సూరెన్సు తప్పనిసరి కాదు కాబట్టి, ఆ దేశాలకు వెళ్లొచ్చిన బంధువులు "అదంతా అక్కర్లేదులే" అంటారు. ఆ మాట నమ్మకండి. షెన్జెన్‌కు ఇన్సూరెన్సు లేకపోయినా, ఉన్నది సరిగా లేకపోయినా వీసా ఆపేయవచ్చు. వీసా తిరస్కరించినప్పుడు ఇచ్చే కాగితంలో ముందే అచ్చువేసి ఉండే కారణాల్లో ఇదీ ఒకటి.

ఒక జంటను అనుకుందాం. సాలూరులో రిటైరైన మాస్టారు, 64 ఏళ్లు, బీపీ ఉంది. భార్యకు 59, షుగర్ ఉంది. అమ్మాయి స్టుట్‌గార్ట్‌లో ఉంటుంది. మే 9 రాత్రి విమానం ఎక్కి, 10న ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగుతారు. మధ్యలో మూడు రోజులు పారిస్. జూన్ 6న అక్కడ బయలుదేరి 7న హైదరాబాద్ చేరతారు. వీళ్ల పాలసీ ఎలా ఉండాలో చూద్దాం.

ఇంట్లో ఉన్న హెల్త్ కార్డు పెట్టకండి. రిటైరైన ఉద్యోగుల ఇహెచ్‌ఎస్ కార్డు, ఎన్టీఆర్ వైద్య సేవ, మామూలు ఫ్యామిలీ ఫ్లోటర్ పాలసీ, ఇవన్నీ మన దేశంలో వైద్యానికి. మాస్టారి దగ్గర ఇవెన్ని ఉన్నా వీసాకు ట్రావెల్ మెడికల్ ఇన్సూరెన్సు విడిగా తీసుకోవాల్సిందే. అమ్మాయి కట్టినా ఫర్వాలేదు. సర్టిఫికెట్ మాత్రం ప్రయాణించేవాళ్ల పేరు మీదే ఉండాలి.

సర్టిఫికెట్‌లో నాలుగు సంగతులు వేలు పెట్టి చూసుకోండి. 2009 నాటి యూరోపియన్ యూనియన్ వీసా కోడ్, 15వ అధికరణలో అడిగేవి ఇవే. కాన్సులేట్‌లో ఫైలు చూసే మనిషి కంపెనీ రంగుల పుస్తకం చదవడు. ఒకటి రెండు పేజీల సర్టిఫికెట్ చూస్తాడు. అడిగినది అందులో కనపడకపోతే, పాలసీ లోపల ఎక్కడో ఉన్నా లాభం లేదు.

మొదటిది మొత్తం. కనీసం 30,000 యూరోలు ఉండాలి. ఇక్కడ మన పాలసీలు ఎక్కువగా డాలర్లలో ఉంటాయి. 30,000 డాలర్లంటే సరిపోయిందనుకుంటారు కానీ డాలరు విలువ యూరో కంటే తక్కువగా ఉన్నప్పుడు అది చాలదు. 50,000 డాలర్ల పాలసీ తీసుకుంటే ఈ లెక్క పెట్టుకోనక్కర్లేదు. అందులోనూ ఆసుపత్రి ఖర్చుకు ఎంత అనే గీత చూడండి. సామాను పోతే ఇచ్చేది, విమానం ఆలస్యమైతే ఇచ్చేది కలిపిన మొత్తం కాదు.

రెండోది ప్రాంతం. "వ్యాలిడ్ ఇన్ ఆల్ షెన్జెన్ స్టేట్స్" అని గానీ, "వరల్డ్‌వైడ్ ఎక్స్‌క్లూడింగ్ యూఎస్ఏ అండ్ కెనడా" అని గానీ ఉంటే సరిపోతుంది. ఉండేది జర్మనీలోనే కదా అని "జర్మనీ" అని మాత్రం రాయించకండి. సాలూరు లారీ యజమానికి ఈ సంగతి చెప్పనక్కర్లేదు: ఘాట్ ఎక్కి ఒడిశాలోకి దిగాలంటే పర్మిట్‌లో ఒడిశా ఉండాలి. "యూరోపియన్ యూనియన్" అన్న మాట కూడా సరిపోదు. స్విట్జర్లాండ్, నార్వే యూనియన్‌లో లేవు, షెన్జెన్‌లో ఉన్నాయి. ఐర్లండ్ యూనియన్‌లో ఉంది, షెన్జెన్‌లో లేదు. లండన్ కూడా చూసొద్దామనుకుంటే షెన్జెన్ వరకే ఉన్న పాలసీ అక్కడ పనిచేయదు.

మూడోది తేదీలు. మాస్టారు దంపతులు షెన్జెన్‌లో ఉండేది మే 10 నుంచి జూన్ 6 వరకు, రెండు చివరలూ కలిపి 28 రోజులు. ఈ 28లో ఒక్క రోజు తగ్గినా ఫైలు వెనక్కి రావచ్చు. కానీ సరిగ్గా 28 రోజులకే తీసుకోకండి. 6న విమానం రద్దయి 8న ఎక్కాల్సి వస్తే ఆ రెండు రోజులూ వీధిన పడ్డట్టే. మే 9 నుంచి జూన్ 12 వరకు తీసుకుంటే వెళ్లే రాత్రి, వచ్చే రోజు, ఆలస్యం అన్నీ అందులో పడతాయి. ఎక్కువ రోజులున్నందుకు కాన్సులేట్ తప్పు పట్టదు. వీసా స్టిక్కర్ మీద కాన్సులేట్ మామూలుగా 15 రోజుల గడువు కలిపి ఇస్తుంది. దాన్ని చూసి మళ్లీ పాలసీ పొడిగించాలేమోనని కంగారు పడకండి. అడిగేది నిజంగా ఉండే రోజులకే.

నాలుగోది, చాలామంది చూడకుండా వదిలేసేది: రీపాట్రియేషన్. జబ్బు మనిషిని స్వదేశానికి తీసుకురావడం ఒకటి, చనిపోతే భౌతికకాయాన్ని తీసుకురావడం ఒకటి. రెండూ కనపడాలి. "మెడికల్ ఎవాక్యుయేషన్" అని మాత్రమే ఉంటే, దగ్గరలోని ఆసుపత్రికి తరలించడం వరకే అని అర్థం తీయవచ్చు. ఎమర్జెన్సీ వైద్యం, ఆసుపత్రిలో చేర్చడం ఎలాగూ ఉంటాయి. రీపాట్రియేషన్ మాటలు లేకుంటే కంపెనీని అడిగితే వీసా కోసం వేరుగా ఉత్తరం ఇస్తుంది. అడిగి తీసుకోండి.

పేరు, పాస్‌పోర్టు నంబరు అక్షరం అక్షరం సరిపోల్చండి. మన ఇంటిపేర్లు ఆధార్‌లో పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటాయి. పాలసీకి ఆధార్ ఇచ్చి ఊరుకోకండి, పాస్‌పోర్టు మొదటి పేజీ ఇవ్వండి.

బీపీ, షుగర్ దాచకండి. అన్నిటికంటే నాకు బెంగ పుట్టించేది ఇదే. ఫారం నింపేటప్పుడు ఏజెంటు "ఏటీ లేదని రాసేద్దాం మాస్టారూ, వీసా వచ్చేస్తాది" అంటాడు. వీసా వస్తుంది, నిజమే. ఎందుకంటే కాన్సులేట్‌కు ఆ సంగతితో పని లేదు. సర్టిఫికెట్ మీద ఆ నాలుగూ ఉంటే దానికి చాలు. చిక్కు స్టుట్‌గార్ట్ ఆసుపత్రిలో వస్తుంది. మాస్టారికి ఛాతీనొప్పి వచ్చి చేరిస్తే కంపెనీ పాత మందుల చీటీలు అడుగుతుంది. దాచినట్టు తేలితే క్లెయిమ్ కొట్టేస్తుంది. బిల్లు అమ్మాయి మీద పడుతుంది.

నిజం చెప్పినా, చాలా పాలసీలు పాత జబ్బుకు మామూలు వైద్యం ఇవ్వవు, ప్రాణాపాయం వచ్చినప్పుడే ఇస్తాయి. ఆ గీతను కొనేముందే చదివించుకోండి. అరవై దాటినవాళ్లకు కొన్ని పాలసీల్లో గది అద్దెకు, ఐసీయూకు, ఆపరేషన్‌కు విడివిడిగా పరిమితులుంటాయి. పైన 50,000 డాలర్లు అని ఉన్నా కింద ఆపరేషన్‌కు అందులో కొంతే రాసి ఉండవచ్చు. వీసాకు అది అడ్డం కాకపోవచ్చు, మనిషికి అడ్డం. నాలుగు రూపాయలు ఎక్కువైనా పరిమితులు లేనిది, డిడక్టిబుల్ లేనిది తీసుకోమంటాను. మందులు మాత్రం ఇక్కడినుంచే, చీటీతో సహా, సరిపడా పట్టుకెళ్లాలి.

వీసా చేతికి రాకముందే కొనడానికి భయపడకండి, తేదీ దాటనివ్వకండి. దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టవచ్చు, ఆలస్యమైనా 15 రోజుల ముందే పెట్టాలి. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, ఒక్కోసారి 45 వరకు పడుతుంది. ఈలోగా ప్రయాణం వెనక్కి జరిగితే పాలసీ తేదీలు మార్పించాలి. వీసా రాకపోతే తిరస్కరణ కాగితం చూపించి డబ్బు వెనక్కి అడగవచ్చు. రెండిటికీ పాలసీ మొదలయ్యే తేదీకి ముందే కంపెనీకి చెప్పాలి. ఆ నిబంధన ఉందో లేదో కొనేటప్పుడే చూసుకోండి.

సర్టిఫికెట్‌ను పెద్ద సూట్‌కేసులో పెట్టకండి. విమానాశ్రయంలో దిగాక అధికారి అడగవచ్చు. చేతి సంచిలో ఒకటి, అమ్మాయి ఫోనులో ఒకటి ఉంచండి. అందులో 24 గంటలూ పలికే అసిస్టెన్స్ నంబరు ఉంటుంది. ప్రాణం మీదికి వస్తే ముందు 112కు ఫోను. ఆసుపత్రిలో చేరిన వెంటనే ఆ అసిస్టెన్స్ నంబరుకు చెప్పి క్లెయిమ్ నంబరు రాయించుకోవాలి. డిశ్చార్జ్ అయ్యాక చెబుదామనుకుంటే నగదు లేకుండా వైద్యం అనే సదుపాయం చేజారుతుంది.

మల్టిపుల్ ఎంట్రీ వీసా వస్తే ఇంకొకటి గుర్తుంచుకోండి. కాన్సులేట్ చూసేది మొదటి ప్రయాణానికి తీసుకున్న పాలసీనే. తర్వాతి ప్రయాణాలకు నేనే తీసుకుంటానని దరఖాస్తులో మీరు సంతకం పెట్టి ఉంటారు. వచ్చే ఏడాది అదే వీసాతో మళ్లీ వెళ్తున్నప్పుడు పాలసీ కొత్తగా కొనాలి.