పుండు చూసేముందు పొగాకు సంగతి అడుగు

చిరంజీవి స్వాతికి,

విలేజ్ హెల్త్ క్లినిక్‌లో చేరాక షుగర్ ఉన్నవాళ్ళ కాలి పుళ్ళే ఎక్కువగా చూస్తున్నానని, కొందరికి ఎంత శ్రద్ధగా కట్టు కట్టినా మానడం లేదని రాశావు. షుగర్ ఎంతుందో చూస్తున్నావు, మాత్రలు వేసుకుంటున్నారో లేదో కనుక్కుంటున్నావు. పొగాకు సంగతి కూడా అడుగు.

ఊరికే "పొగ తాగుతారా?" అంటే "లేదమ్మా" అంటారు. ఖైనీ వేసుకునేవాళ్ళు చెప్పేది అబద్ధం కాదు, వాళ్ళు తాగేది పొగ కాదు కదా. అందుకని బీడీ, చుట్ట, ఖైనీ, గుట్కా, జర్దా కిళ్ళీ అని పేరుపేరునా అడుగు. ఆడవాళ్ళనూ అడుగు. ఉత్తరాంధ్ర పల్లెల్లో నిప్పు కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే పెద్దమ్మలు ఉన్నారు.

నా డ్రెస్సింగ్ గదికి ఒక రైతు వచ్చేవాడు. కొత్త చెప్పు ఒరుసుకుని ఎడమకాలి చిటికెనవేలు మీద బొబ్బ లేచి పుండయింది. కాలు తిమ్మిరెక్కి ఉండడంతో నొప్పే తెలియలేదు. షుగర్ అదుపులోనే ఉంది, చీమూ లేదు. అయినా మూడు వారాలకు పుండు అంతే ఉంది. అడుగు పాలిపోయింది, శుభ్రం చేస్తుంటే నెత్తురు చెమ్మయినా కనబడలేదు, అంచు నల్లబడుతోంది. ఏళ్ళ తరబడి బీడీలు కాల్చి, డాక్టరు మానమన్నాక ఖైనీకి మారాడట. "పొగ మానేశానుగా" అన్నాడు.

ఇక్కడే చాలామంది పొరపడతారు. బీడీ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ నెత్తురు మోయాల్సిన ప్రాణవాయువు చోటును ఆక్రమిస్తుంది. ఖైనీలో ఆ విషవాయువు లేదు, నిజమే. కానీ రెంటిలోనూ నికోటిన్ ఉంది. అది సన్న రక్తనాళాలను బిగిస్తుంది, గుండె వేగాన్నీ బీపీనీ పెంచుతుంది. ఖైనీ దవడలో ఉన్నంతసేపూ నికోటిన్ ఊరుతూనే ఉంటుంది. షుగర్ వల్ల రక్తనాళాల లోపలి పొర ముందే దెబ్బతిని, గోడలు గట్టిపడి ఉంటాయి. పాదమంటే కాలువ చివరి పొలం లాంటిది. పైన ఏ తూము బిగిసినా మొదట ఎండేది అదే. ప్రాణవాయువూ, క్రిములతో పోరాడే తెల్లకణాలూ, మనమిచ్చే యాంటిబయోటిక్కూ అన్నీ నెత్తురుతోనే రావాలి.

అందుకే కట్టు విప్పగానే రెండు పాదాల్లోనూ రెండేసి చోట్ల నాడీ చూడు. ఒకటి పాదం పైభాగాన, బొటనవేలి స్నాయువుకు కాస్త బయటివైపు దొరుకుతుంది. రెండోది లోపలి చీలమండ వెనక. వేళ్ళు తేలిగ్గా ఆనించు, గట్టిగా నొక్కితే ఉన్న నాడీ మాయమవుతుంది. నడిస్తే పిక్క పట్టేస్తోందా అని అడుగు. అయితే తిమ్మిరి ఉన్నవాళ్ళకు ఆ నొప్పి తెలియకపోవచ్చు, కాబట్టి నొప్పి లేదంటే ధీమా పడకు. కాలి బీపీ యంత్రం కూడా గట్టిపడిన నాళాల్లో ఎక్కువ అంకె చూపించి మోసం చెయ్యగలదు. పుండు ఉండి నాడీ అందకపోతే, అంచు నల్లబడితే, నాలుగు వారాలకు పుండు సగానికి తగ్గకపోతే పెద్దాసుపత్రికి పంపు. జ్వరం గాని, దుర్వాసన గాని, పైకి పాకే ఎరుపు గాని ఉంటే ఆ రోజే పంపాలి.

ఆ రైతు ఎడమ పాదంలో నాడీ అందలేదు. డాప్లర్ పరీక్షలో పైన అడ్డు బయటపడింది, దాన్ని తెరిచారు. పొగాకు మానినంత మాత్రాన మూసుకున్న నాళం తెరుచుకోదు. మానకపోతే తెరిచిన నాళం మళ్ళీ మూసుకుపోయే ముప్పు ఎక్కువ. చిటికెనవేలు పోయింది, పాదం నిలిచింది.

ఇక మాన్పించే పద్ధతి. "మానెయ్యండి" అని వదిలెయ్యకుండా ఒక తేదీ పెట్టించు. మొదటి వారం చిరాకు, నిద్రలేమి ఎక్కువగా ఉంటాయి, కొద్ది వారాల్లో తగ్గుతాయి. పొగాకు కావాలన్న తపన వచ్చినా కొన్ని నిమిషాలే; నీళ్ళు తాగి, పనిలో పడితే దాటిపోతుంది. 1800-11-2356 ఉచిత క్విట్‌లైన్ నంబరు. నీ ఎదుటే ఫోను చేయించు.

డాక్టరును అడిగి నికోటిన్ గమ్ వాడించవచ్చు. నిద్ర లేచిన అరగంటలోపే పొగాకు కావాలనేవాళ్ళకు సాధారణంగా 4 మి.గ్రా., మిగతావాళ్ళకు 2 మి.గ్రా. సరిపోతుంది. మెల్లగా నమిలి, ఘాటు తగలగానే దవడలో ఆపి, ఘాటు తగ్గాక మళ్ళీ నమలాలి; అలా అరగంట. వేసుకునే ముందు పావుగంట కాఫీ, టీ వద్దు. "ఇందులోనూ నికోటిన్ ఉందిగా" అంటారు. ఉంది, కానీ తక్కువ మోతాదులో, నెమ్మదిగా అందుతుంది. పొగా, పొగాకులోని మిగతా విషాలూ ఉండవు. నెలల్లో తగ్గిస్తూ ఆపేస్తాం.

ఒక్కటి మరవకు. పొగాకు మానాక ఇన్సులిన్ బాగా పనిచేసి కొందరికి షుగర్ పడిపోవచ్చు. ఆకలి పెరిగి తింటే కొందరికి పెరగొచ్చు. ఇన్సులిన్, షుగర్ మాత్రలు వాడేవాళ్ళకు ఆ వారాల్లో తరచుగా పరీక్ష చేసి, తేడా వస్తే మోతాదు కోసం డాక్టరుకు చూపించు. నోటికి ఏదో ఒకటి కావాలంటే సోంపు ఇవ్వు, తీపి బిళ్ళలు, బెల్లం వద్దు. మళ్ళీ మొదలుపెడితే తిట్టకు, ఏ వేళ, ఎవరితో ఉండగా వేసుకున్నాడో అడిగి కొత్త తేదీ రాయి. షుగర్ అంకె పక్కన పొగాకు సంగతికీ, పాదం నాడీకీ నీ రిజిస్టర్‌లో చెరో గడి గీసుకో. ప్రతి రాకకూ నింపు.

నీ పెద్దమ్మ